లెక్క అడిగేదెవరు?

"సెటిల్మెంటు రాయించుకుందామని వచ్చామండీ" అన్నారాయన, సంచిలోంచి పాసుపుస్తకం, ఇంటి దస్తావేజులు తీసి బల్ల మీద పెడుతూ. తెనాలి దగ్గర ఎకరంన్నర మాగాణి, పట్టణంలో రెండు వాటాల ఇల్లు, బ్యాంకులో 12 లక్షల డిపాజిట్. కొడుకులు ఇద్దరు. చిన్నవాడికి 31 ఏళ్లు వచ్చినా బుద్ధి ఎదగలేదు. వంద నోటుకూ పది నోటుకూ తేడా తెలియదు. "అంతా పెద్దవాడి పేరున పెట్టేస్తాం. తమ్ముణ్ణి చూసుకుంటానన్నాడు" అన్నారు. ఆయన భార్య మాత్రం ఏమీ అనలేదు.

మన వైపు సెటిల్మెంటు అంటే ఇచ్చేయడమే. రిజిస్ట్రేషన్ అయిన క్షణం నుంచి పుచ్చుకున్నవాడే హక్కుదారు. పెద్దకొడుకు రేపు వ్యాపారంలో నష్టపోతే అప్పులవాళ్లు ఆ ఇంటిని జప్తు చేయించవచ్చు. అతనికేమన్నా అయితే ఇల్లు అతని భార్యాపిల్లలకు పోతుంది. వాళ్లు ఎవరికీ మాట ఇవ్వలేదు కదా.

వాళ్లకు కావలసింది ట్రస్టు. ఆ మాట వినగానే ఆయన ఆసుపత్రులూ కాలేజీలూ నడిపే పెద్ద సంస్థలనుకున్నారు. 1882 నాటి ట్రస్టుల చట్టం పుట్టింది ఇలాంటి ఇళ్ల కోసమే. ఊరి సత్రానికీ గుడికీ రాసే ధర్మ ట్రస్టుల దారి వేరు. ఈ చట్టం చెప్పేది ఇంతే: ఆస్తి ఒకరి పేరున ఉంటుంది, దాని ఫలం ఇంకొకరికి చెందుతుంది. రాసిచ్చే తండ్రి సెటిలర్. పేరున పెట్టుకుని నడిపేవాడు ట్రస్టీ. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామో ఆ చిన్నకొడుకు లబ్ధిదారు. ట్రస్టీ సొంత అప్పులకు ఆ ఆస్తి పూచీ కాదు, ఆయన పోతే ఆయన వారసులకు చెందదు. ఇల్లూ పొలమూ ఉన్నాయి కాబట్టి తండ్రి బతికుండగా పెట్టే ట్రస్టును దస్తావేజు రాసి రిజిస్టరు చేయాల్సిందే. నోటిమాట చెల్లదు.

రెండోసారి వచ్చినప్పుడు వెంట ఆ తల్లి తమ్ముడు ఉన్నాడు. ఆయనకు ఊళ్లో సంఘాలు నడిపిన అనుభవం ఉంది. "సొసైటీ రిజిస్టరు చేయిస్తే పోదా అండీ? ఏడుగురం మేమే ఉన్నాం" అన్నాడు. సొసైటీ సభ్యులది. సర్వసభ్య సమావేశం పెడతారు, కమిటీని ఎన్నుకుంటారు, చాలినంత మంది ఒప్పుకుంటే నియమావళిని మార్చుకుంటారు. నలుగురికి పనికొచ్చే ఆశయం కోసం పెట్టేది అది. ఒక ఇంటి బిడ్డకు అన్నం పెట్టడానికి కాదు. కంపెనీ అయితే అది తానే ఒక వ్యక్తి. పొలం కంపెనీదవుతుంది, కంపెనీ వాటాదారులదవుతుంది. చిన్నవాడికి వాటాలిస్తే ఓటు వేసేదెవరు? పైగా ఏటా రిజిస్ట్రారుకు పంపాల్సిన కాగితాలు. ట్రస్టులో ఓటూ లేదు, సభ్యులూ లేరు, అది వేరే వ్యక్తీ కాదు. దస్తావేజులో రాసిన మాట ఒక్కటే ఉంటుంది.

దాని బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి. సొసైటీలో లెక్క తేడా వస్తే ఒక సభ్యుడైనా లేచి అడుగుతాడు. కంపెనీలో వాటాదారు అడుగుతాడు. ట్రస్టులో లెక్కలు చూసే హక్కును చట్టం లబ్ధిదారుకు ఇచ్చింది. ఈ లబ్ధిదారు అడగలేడు.

ఈ సంగతి నాకు తెలిసింది నేను రాసిన దస్తావేజు వల్లే. ప్రాక్టీసు మొదట్లో ఒక కుటుంబానికి ఇలాంటిదే రాశాను. ట్రస్టీ ఒక్కడే. డిపాజిట్ ట్రస్టు పేరున తెరవాలని నేను చెప్పలేదు, ఆయన తన సొంత పేరున వేసి భార్యను నామినీగా పెట్టారు. ఆయన పోయాక ఆవిడ అది తమ డబ్బే అనుకుని తీసుకుంది. అది ట్రస్టు సొమ్మని బయటపడేసరికి సగం ఖర్చయిపోయింది. ఆవిడ దొంగ కాదు. నా దస్తావేజులో అడిగేవాడు లేడు. అప్పటి నుంచి బ్యాంకు ఖాతా ట్రస్టు పేరున తెరిచి, ఇద్దరు ట్రస్టీల సంతకాలు పడేలా చూడనిదే నేను ఫైలు మూయను.

వీళ్ల దస్తావేజులో అన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టిన మాట వేరే. చిన్నవాడి తర్వాత మిగిలింది ఎవరికి? "ఇంకెవరికి, పెద్దవాడికే" అన్నారు తండ్రి. ఆ పెద్దవాడే ట్రస్టీ. తమ్ముడికి మంచి డాక్టరును చూపిస్తే ఖర్చు, వాయిదా వేస్తే మిగులు. మిగిలిన ప్రతి రూపాయీ రేపు తనదే. మనిషి ఎంత మంచివాడైనా అతన్ని అలాంటి చోట నిలబెట్టకూడదు. ట్రస్టు ఆస్తితో ట్రస్టీ సొంత లాభం చూసుకోకూడదని 51వ సెక్షన్ చెబుతోంది. కానీ చేయని ఖర్చును ఏ కోర్టూ సులువుగా పట్టుకోలేదు.

పెద్దకొడుకునే పిలిపించి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి నాకేం ఇస్తారు?" అని తండ్రిని సూటిగా అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే అది. ఎకరంన్నరలో అర ఎకరం ఇప్పుడే అతని పేరున సెటిల్మెంటు చేశారు. మిగిలిన ఎకరం, ఇల్లు, డిపాజిట్ ట్రస్టుకు. చిన్నవాడి తర్వాత శేషం, అలాంటి పిల్లలను చూసుకునే సంస్థకు. అన్నతో పాటు మేనమామ రెండో ట్రస్టీ. ఇద్దరిలో ఒకరు పోతే ఆరు నెలల్లో ఎవరిని పెట్టాలో వరస రాశాం. ఏటా జూన్ 30 లోగా కౌలు, అద్దె, వడ్డీ, ఖర్చుల లెక్క పినతల్లి కూతురికి చూపాలి. ఆవిడ బ్యాంకు ఉద్యోగి. అడిగే హక్కు, ఇవ్వకపోతే కోర్టుకు వెళ్లే హక్కు ఆవిడకు పేరు పెట్టి ఇచ్చాం.

"మాకు అవసరమొస్తే వెనక్కి తీసుకోవచ్చా?" అని తండ్రి అడిగారు. ఆ అధికారం దస్తావేజులో అట్టిపెట్టుకోకపోతే లబ్ధిదారులంతా ఒప్పుకుంటేనే రద్దు. ఈ అబ్బాయి ఒప్పుకోలు చెల్లదు. అందుకని దంపతులు బతికున్నన్నాళ్లూ ఆ ఇంట్లో ఉండే హక్కును, వైద్యానికి డిపాజిట్ వాడుకునే హక్కును విడిగా రాశాం. ఇల్లు మాత్రం వెనక్కి రాదు. ఆ వాక్యం ఆయనకు రెండుసార్లు చదివి వినిపించాను.

ట్రస్టీ చూసేది ఆస్తినే. మనిషి బాగోగులకు, ఆసుపత్రిలో సంతకాలకు చట్టబద్ధమైన సంరక్షకుడు కావాలి. దానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టించాను.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు ఆ తల్లి ఒంటరిగా వచ్చింది. నాలుగుగా మడిచిన నోటుపుస్తకం కాగితం తెచ్చింది. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టాలి, ఉరుములొస్తే పక్కన ఎవరైనా కూర్చోవాలి, సాయంత్రం కాలవ గట్టు దాకా తీసుకెళ్లాలి. "ఇవి కూడా రాయచ్చా?" అంది. దస్తావేజులో పెట్టలేదు. ఆవిడ చేత సంతకం పెట్టించి, ట్రస్టీలకు రాసిన ఉత్తరంగా ఫైల్లో మొదటి కాగితం కింద ఉంచాను.