మాటకో రూపాయి

మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు వాళ్లింట్లో టీవీ పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా వెలిసింది. ఇంట్లో ఎవరి నోట ఇంగ్లీషు ముక్క వచ్చినా మాటకో రూపాయి అందులో వెయ్యాలి. ఆదివారం పెసరట్టు తినడానికి పిలిచి మరీ చూపించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ‘బేసికల్లీ’ అని మొదలుపెట్టే వాళ్ల మీదా, తెలుగు పెళ్లి శుభలేఖలో తెలుగు కోసం భూతద్దం పెట్టి వెతుక్కోవడం మీదా నేను ఎన్నిసార్లు చిందులు తొక్కానో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. ఆ డబ్బాకి ఒక దండ వేద్దామనిపించింది.

పెసరట్టు సగంలో ఉండగా ఆ ఇంటి బుడ్డోడు వచ్చాడు. రెండో క్లాసు. వాడు చేసిన ఫిర్యాదు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘తాతయ్యా, గట్టిగా బాల్‌ని కిక్ చేస్తే పక్కింటోళ్ల విండో బ్రేక్ అయిపోయింది. కానీ తప్పు నాది కాదు, ఆ కార్తీక్‌గాడే నాతో చేయించాడు.’ వాళ్ల నాన్న వేళ్ల మీద లెక్కపెట్టి నాలుగు రూపాయలన్నాడు. వాడు మొహం మాడ్చుకుని లోపలికి పోయాడు.

సెలవులకి డాలస్ నుంచి వచ్చిన వాళ్ల పెద్దమ్మ కూతురు కూడా అక్కడే ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల, ముద్దుగా మాట్లాడుతుంది. ‘నేను ఆకలి’ అంది. వీధి తలుపు చప్పుడైతే ‘అమ్మ వచ్చాడు’ అంది. ముందురోజు తను, అమ్మ, పిన్ని గుడికి వెళ్లిన సంగతి నాకు చెబుతూ ‘మనం గుడికి వెళ్లాం’ అంది. నేను ఆ గుడి మెట్టు ఎక్కలేదు. డబ్బాలో వెయ్యాల్సింది సున్నా. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల దగ్గరే నా పెసరట్టు గొంతులో అడ్డం పడింది.

వాడి మాటల్లోంచి ఆ నాలుగు ఇంగ్లీషు ముక్కలూ తీసేసి చూడండి. ‘చేస్తే’ ఉంది, అంటే ఒక పని జరిగితే ఇంకొకటి జరిగిందని ముడివెయ్యడం వచ్చు. కిక్ ‘చేశాడు’, కిటికీ బ్రేక్ ‘అయింది’: మనిషి చేసిన పనికి ఒకటి, దానంతటది అయినదానికి ఇంకొకటి. కిటికీ తనే పగలగొట్టినా ‘అయిపోయింది’ అని నేరం కిటికీ మీదికి తోసేశాడు చూశారా, అక్కడ వాడి తెలుగు మనందరి తెలుగంత ముదురు. ఇక ‘చేయించాడు’! ఒకడు ఇంకొకడి చేత పని చేయించడాన్ని ఒక్క క్రియలో ఇమిడ్చే ఈ సదుపాయం ఇంగ్లీషుకి లేదు, వాడికి ఉంది. పరాయి మాటని పట్టుకుని దానికి ‘చేయు’, ‘అవు’ తగిలించి ఇంటిదాన్ని చేసుకోవడం ఇవాళ్టి విద్య కూడా కాదు. రైలు రద్దయింది, ఆస్తి జప్తు చేశారు అని మన పత్రికలే రోజూ అచ్చేస్తాయి. రద్దూ జప్తూ అరబ్బీ, పార్శీల నుంచి వచ్చినవే.

ఆ పిల్ల తెలుగులో పరాయి మాట ఒక్కటీ లేదు, కానీ కీళ్లు కదులుతున్నాయి. ఇంగ్లీషులో ఎవరొచ్చినా క్రియ ఒకటే కాబట్టి, ఆమె మన ‘వచ్చాడు’ని తీసుకుని అందరికీ తొడిగేస్తోంది. ‘నాకు ఆకలేస్తోంది’ అనాల్సిన చోట ‘నేను’ని ముందు నిలబెడుతోంది. మనం, మేం అనే రెంటి మధ్య గోడ కూలిపోయింది. రెండేళ్ల పిల్ల ఇలా అంటే కంగారు పడక్కర్లేదు, తెలుగు తప్ప ఇంకేం వినని పిల్లలూ ఆ వయసులో తడబడతారు. తొమ్మిదేళ్లకీ అలాగే ఉంటే, తెలుగు ఆమె చెవిలో పడుతోంది కానీ నోటికి పని తగలడం లేదని అర్థం. ఇంట్లో తెలుగు మిగిలిందా జారిపోతోందా అని చూడాలంటే ఎన్ని ఇంగ్లీషు మాటలు దొర్లాయో లెక్కపెట్టడం దండగ. క్రియ చివర వినాలి. ‘లేచి, మొహం కడుక్కుని, పాలు తాగాను’ అని మూడు పనులు ఒక దారాన గుచ్చుతున్నారా, లేక ‘లేచాను. కడిగాను. తాగాను’ అని తుంచేస్తున్నారా? తుంచడం మొదలైందంటే జాగ్రత్త పడాలి.

కలిపి మాట్లాడితే పిల్లలకి మాటలు ఆలస్యమవుతాయనీ, బుర్ర తికమక పడుతుందనీ ఇంకో భయం ఉంది. కలపడం వల్ల ఆలస్యం రాదు. రెండేళ్లు నిండినా రెండు భాషల మాటలూ కలిపి యాభై దాటకపోయినా, ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటలు జోడించలేకపోయినా పిల్లల డాక్టరుకి చూపించి, వినికిడి పరీక్ష చేయించాలి. లెక్కలో రెండు భాషలూ కలపాలి, అది ముఖ్యం. కొన్ని స్కూళ్లలో ‘ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి’ అని తల్లిదండ్రులకి చెబుతుంటారు. ఆ సలహా మీద నా అభిప్రాయం ఈ పేజీలో అచ్చువెయ్యరు.

పిల్లలు ఇంగ్లీషు కలిపినప్పుడు పెద్దవాళ్లు ఏం చెయ్యాలన్నదాని మీద ఎలిజబెత్ లాంజా అనే భాషాశాస్త్రవేత్త రాసిన పుస్తకం 1997లో వచ్చింది. నార్వేలో అమెరికన్ అమ్మకీ నార్వే నాన్నకీ పుట్టిన పాప మాటలు రికార్డు చేసి, తల్లిదండ్రుల జవాబుల్ని ఐదు రకాలుగా విడదీసింది. మన ఇంటికి తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. పిల్లాడు ‘అమ్మా, మిల్క్ స్పిల్ అయింది’ అన్నాడు. ‘ఏంటీ? అర్థం కాలేదు’ అనడం ఒకటి. ‘పాలు ఒలికిపోయాయా?’ అని అడగడం రెండు. ‘అయ్యో, పాలు ఒలికిపోయాయి’ అని మన మాటగా తిరిగి అనడం మూడు. ఏమీ పట్టించుకోకుండా గుడ్డ తెచ్చి తుడవడం నాలుగు. మనమే ఇంగ్లీషులోకి దిగి ‘హౌ డిడ్ ఇట్ స్పిల్?’ అనడం ఐదు. పై నుంచి కిందికి వస్తున్నకొద్దీ ఇంగ్లీషుకి తలుపు ఎక్కువ తెరుచుకుంటుంది. అలాగని మొదటిదే గొప్పదనుకోకండి. అయిదేళ్లు దాటిన పిల్లల దగ్గర ఆ నాటకం పారదు. పొద్దున్నే ఫోన్లో ఆఫీసుతో ఇంగ్లీషులో పోట్లాడిన నాన్న సాయంత్రం ‘మిల్క్ అంటే ఏంటి నాన్నా?’ అంటే వాడు జాలిగా చూస్తాడు. నా ఓటు రెండోదానికి. వాడు ఊఁ అంటే చాలు, మాట చెవిన పడుతుంది, కథ ఆగదు. రూపాయి డబ్బా ఆరో రకం. అది కథనే ఆపేస్తుంది.

ఇక్కడ మా ఖరగ్‌పూర్ సంగతి చెప్పకుండా ఉండలేను. రైల్వే వర్క్‌షాపు పనికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ పేటలకి పేటలే ఉన్నాయి. మా నాన్న ఫిట్టరు. వీధిలో హిందీ, బజార్లో బెంగాలీ, స్కూల్లో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. మా తెలుగు వింటే శ్రీకాకుళం చుట్టాలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. ‘దుకాణ్ బంద్ అయిపోయింది’, ‘రెండు గంటలు ఇంతజార్ చేశాం’ అనేవాళ్లం. తెలుగు రాయడం మాకు ఏ స్కూలూ నేర్పలేదు. అయినా మా ఈడు వాళ్లలో తెలుగు పోగొట్టుకున్నవాళ్లు తక్కువ. ఎందుకు పోలేదని చాలాకాలం ఆలోచించాను. ఇంటిభాష మీద ప్రేమ అని సభల్లో చెబుతారు. మా ఇంట్లో మాత్రం కారణం మా నాయనమ్మ.

ఆవిడకి తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. కానీ లోకంలో ప్రతిదీ ఆవిడకి తెలియాలి. బెంగాలీ డాక్టరు రాసిచ్చిన మందు తిండికి ముందా తర్వాతా, రేషను కొట్టువాడు పంచదార ఎందుకు తగ్గించాడు, పక్కింటి మిశ్రాగారి భార్య గేటు దగ్గర ఎందుకు ఏడుస్తోంది. ‘ఏమన్నాడ్రా?’ అనే ప్రశ్నతో మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టేది. బెంగాలీలో విన్నదాన్ని, హిందీలో అర్థమైనదాన్ని ఆవిడకి తెలుగులో అప్పజెప్పాలి. సగం చెప్పి తప్పించుకుందామంటే కుదరదు, ‘అలా ఎందుకన్నాడు? మరి నువ్వేమన్నావు?’ అని తవ్వేది. స్కూల్లో భూమి గుండ్రంగా ఉందని చెప్పారంటే ఓ సాయంత్రమంతా వాదించింది. భూమి తిరుగుతుంటే బావిలో నీళ్లు ఎందుకు ఒలకవని అడిగింది. నేను పళ్లెం, నిమ్మకాయ, ‘గ్రావిటీ’ అనే మాట పట్టుకుని గంటసేపు చెమటలు కక్కాను. ఆ గంటలో నేను వాడిన తెలుగు వాక్యాలు, ‘అయితే’లు, ‘కాబట్టి’లు, ‘అనుకో’లు నాకు ఏ వాచకమూ నేర్పలేదు.

బెల్జియంలో ఆనిక్ డి హౌవర్ అనే పరిశోధకురాలు డచ్చితో పాటు ఇంకో భాష ఉన్న దాదాపు 1,900 కుటుంబాలని పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించింది. అమ్మానాన్నలిద్దరూ ఇంట్లో తమ భాషే మాట్లాడితే నూటికి 97 ఇళ్లలో పిల్లలకి ఆ భాష నోట ఆడింది. అమ్మ ఒక భాష, నాన్న ఒక భాష అని పంచుకున్న ఇళ్లలో ఆ లెక్క నాలుగింట మూడు దగ్గర ఆగింది. మడి కట్టుకుని భాషల్ని విడగొట్టడం కన్నా, ఆ భాషలో ఇంట్లో ఎంత మాట నడుస్తోందన్నదే ఎక్కువ తూగుతోందని నాకు అర్థమైంది.

మన హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో తెలుగుకి చిల్లు పడుతున్నది సాయంత్రం హోంవర్కు దగ్గర. తిను, పడుకో, లే, స్నానం చెయ్యి అన్నీ తెలుగే. పుస్తకం తెరవగానే అమ్మా నాన్నా ఇంగ్లీషులోకి మారతారు. నాలుగో క్లాసుకి వచ్చేసరికి పిల్లల బుర్రలో కారణాలు, లెక్కలు, ఎందుకు, ఎలా అన్నీ ఇంగ్లీషువి. తెలుగుకి తిండీ నిద్రా మిగులుతాయి. అప్పుడు డబ్బా పెట్టి రూపాయలు వసూలు చేస్తే వాళ్లకి చెప్పుకోవడానికేమీ ఉండదు కాబట్టి నోరు మూసుకుంటారు.

అందుకని, ఇన్నేళ్లుగా ఇంగ్లీషు మాటల మీద కత్తి కట్టిన నేను ఇప్పుడు కలపమనే చెబుతున్నాను. ఆ ఇంటి బుడ్డోడి అక్క నాలుగో క్లాసు. వన్ బై త్రీ పెద్దదా వన్ బై ఫోర్ పెద్దదా అంటే నాలుగు పెద్దది కాబట్టి వన్ బై ఫోర్ అంటోంది. వాళ్లమ్మ ఇంగ్లీషులోనే మూడుసార్లు చెప్పింది. నేను ప్లేటులో మిగిలిన పెసరట్టు ముందుకి జరిపి, ‘దీన్ని ముగ్గురికి పంచితే నీకు ఎక్కువొస్తుందా, నలుగురికి పంచితేనా?’ అన్నాను. ‘ముగ్గురికి’. ‘మరి త్రీ కింద ఉంటే ముక్క పెద్దదా చిన్నదా?’ ‘పెద్దది. ఎంతమంది పెరిగితే అంత తగ్గిపోతుంది, అందుకే డినామినేటర్ పెరిగితే ఫ్రాక్షన్ చిన్నదవుతుంది’ అంది. ‘ఇప్పుడు తాతమ్మకి వెళ్లి చెప్పు’ అని పంపాను. తాతమ్మకి డినామినేటర్ అంటే ఏమిటో తెలీదు, కాబట్టి మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సొచ్చింది. ఆ తర్వాత నోట్‌బుక్‌లో ఇంగ్లీషులోనే రాసుకుంది. పరీక్ష ఇంగ్లీషులోనే కదా.

వాళ్ల నాన్న మాత్రం ఒక మాటన్నాడు. ‘అంకుల్, నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియం. ఫొటోసింథసిస్ తెలుగులో నాకే రాదు, దానికేం చెప్పను?’ ఆ మాట పేరుతో పని లేదన్నాను. ‘ఆకులు సన్‌లైట్ తీసుకుని, వేళ్లు లాగిన నీళ్లూ గాల్లో కార్బన్ డయాక్సైడూ కలిపి, తిండి తయారుచేసుకుంటాయి. వెలుగు లేకపోతే ఆ పని ఆగిపోతుంది’ అని చెప్పు చాలు. ఆ మాటల్లో ఇంగ్లీషు ఉన్నా వాటిని నడిపిస్తున్నది మాత్రం తెలుగే. అతను డబ్బా వైపు చూసి, ‘దీనికి రెండు రూపాయలవుతాయా?’ అన్నాడు. కార్బనూ డయాక్సైడూ ఒకటా రెండా అని వాళ్లావిడ అడ్డుపడింది. నేను వచ్చేసరికి ఇద్దరూ దాని మీదే వాదించుకుంటున్నారు, తెలుగులో.