ఉప్పు పట్టుకుంటోందా, వదిలేస్తోందా: అండమాన్ జ్వరాల్లో కిడ్నీ లెక్క

అండమాన్ దీవుల్లో వానలు తగ్గి వరి పొలాలు కోతకొచ్చే రోజుల్లో ఆసుపత్రులకు ఒక రకం జ్వరం వస్తుంది. ఒళ్లంతా నొప్పులు, ముఖ్యంగా పిక్కల్లో ముట్టుకోనివ్వని నొప్పి, ఎర్రబడిన కళ్లు, కొందరికి పచ్చకామెర్లు, ఇంకొందరికి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ చుట్టుపక్కల ఇది పదే పదే కనబడుతూ వచ్చింది. కారణం తెలియకముందు దీన్ని అండమాన్ రక్తస్రావ జ్వరం అన్నారు. పోర్ట్ బ్లెయర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధనా కేంద్రం వారు 1993లో ఇది లెప్టోస్పైరోసిస్ అని ఆధారాలతో తేల్చారు. ఎలుకలు, పశువుల మూత్రం కలిసిన నీటిలోంచి, బురదలోంచి చర్మపు గీతల గుండా ఒంట్లోకి చేరే సూక్ష్మక్రిమి అది. నిజానికి ఈ దీవులకు ఆ జబ్బు కొత్తది కాదు. టేలర్, గోయల్ అనే ఇద్దరు వైద్యులు 1931లోనే అండమాన్ లెప్టోస్పైరోసిస్ మీద ఒక పుస్తకమంత నివేదిక ప్రచురించారు. మధ్యలో అందరూ దాన్ని మరచిపోయారంతే.

ఈ క్రిమికి కిడ్నీ అంటే ఇష్టం. జబ్బు ముదిరినవారిలో రక్తంలో క్రియాటినిన్ రెండు మూడు రోజుల్లోనే ఎగబాకుతుంది. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి దీవుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అలాంటి ఇంటి ఆడమనిషి ఆసుపత్రిలో అడిగే ప్రశ్న తరచూ ఇలా ఉంటుంది: "ఒంటికి బాగానే వెళ్తున్నాడు గదా బాబూ, మరి కిడ్నీ పాడైందంటారేంటి?" ఆమె అడిగినదానిలో తప్పేమీ లేదు. ఎంత మూత్రం వస్తోంది అన్నదొక్కటే చూస్తే ఈ జబ్బులో కిడ్నీ సంగతి తెలియదు. ఆ మూత్రంలో ఏం పోతోంది అన్నది చూడాలి. అందుకు వైద్యుల దగ్గర ఉన్న పాత పద్ధతి ఒకటి, మూత్రంలోకి జారిపోయే సోడియం శాతం కట్టడం.

ఆరోగ్యంగా ఉన్న మనిషి కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ప్లాస్మా ద్రవాన్ని వడగడతాయి. లీటరుకు 140 మిల్లీమోల్ చొప్పున అందులో 25,200 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. ఉప్పుగా లెక్కేస్తే కిలోన్నర దాకా అవుతుంది. మనం తినేదేమో తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే 150 మిల్లీమోల్ సోడియం. తిన్నంతే పోవాలి కాబట్టి వడగట్టినదానిలో 0.6 శాతం మాత్రమే మూత్రంలోకి వెళుతుంది. మిగతా 99.4 శాతాన్ని కిడ్నీలోని సన్నని నాళికలు తిరిగి రక్తంలోకి లాక్కుంటాయి. ఆ లాక్కునే పనితనం చెడిందా లేదా అన్నదే మన ప్రశ్న.

వడగట్టిన సోడియం ఎంతో కొలవాలంటే కిడ్నీ వడపోత తెలియాలి. వడపోత తెలియాలంటే మామూలుగా ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టాలి. ఈ పద్ధతి ఆ బాధ తప్పించింది. క్రియాటినిన్ దాదాపుగా వడపోతతోనే పోతుంది, నాళికలు దాన్ని తిరిగి తీసుకోవు. అందుకని దాన్నే కొలబద్దగా పెట్టుకుంటే మూత్రం పరిమాణం లెక్కలోంచి పైనా కిందా కొట్టేసుకుపోతుంది. ఒక్కసారి పట్టిన కాస్త మూత్రం, అదే సమయానికి తీసిన రక్తం చాలు.

```
FENa (%) = (U_Na × P_Cr) ÷ (P_Na × U_Cr) × 100
```

U అంటే మూత్రం, P అంటే ప్లాస్మా. Na సోడియం, Cr క్రియాటినిన్. 1976లో ఎస్పినెల్ అనే వైద్యుడు మూత్రం బాగా తగ్గిపోయిన 17 మంది రోగుల మీద దీన్ని ప్రయోగించి ప్రచురించాడు. ఒక శాతం కన్నా తక్కువ వస్తే కిడ్నీ బాగానే ఉంది, దానికి రక్తప్రసరణే చాలడం లేదు. మూడు శాతం దాటితే నాళికలే దెబ్బతిన్నాయి. వార్డుల్లో ఇప్పటికీ నోట నానుతున్న గీతలు అవే.

ఇద్దరు రోగుల మీద కట్టి చూద్దాం. అంకెలు నేను పేర్చినవి, అయితే ఇలాంటివి దీవుల ఆసుపత్రుల్లో పక్కపక్క మంచాల మీదే కనబడగలవు. మొదటివాడు చేపలవేటకు వెళ్లి రెండు రోజులు వాంతులు, విరేచనాలతో పడవలోనే ఉండిపోయినవాడు. ప్లాస్మా సోడియం 136, క్రియాటినిన్ 2.4. మూత్రంలో సోడియం 12, క్రియాటినిన్ 140. ముందు క్రియాటినిన్ చూడండి: మూత్రంలో రక్తంలో కన్నా 58 రెట్లు చిక్కబడింది. అంటే వడగట్టిన నీటిలో 58 పాళ్లకు 57 పాళ్లు కిడ్నీ వెనక్కి లాక్కుంది. సోడియం మాత్రం రక్తంలోదానిలో పదకొండో వంతే మూత్రంలో ఉంది. 12ని 2.4తో హెచ్చించి, 136 ఇంటూ 140తో భాగిస్తే 0.15 శాతం. ఈ కిడ్నీ ఉప్పును చుక్క పోనివ్వకుండా పట్టుకుంటోంది. సెలైన్ పెడితే తేరుకునే అవకాశం ఎక్కువ.

రెండోవాడు పొలం పనిచేసేవాడు. ఆరు రోజుల జ్వరం, పిక్కల నొప్పి, పచ్చబడిన కళ్లు. ప్లాస్మా సోడియం 131, క్రియాటినిన్ 4.2. మూత్రంలో సోడియం 68, క్రియాటినిన్ 46. మూత్రం రోజుకు లీటరున్నర దాకా వస్తోంది. మూత్రంలో క్రియాటినిన్ 11 రెట్లు మాత్రమే చిక్కబడింది. లెక్క 4.7 శాతం దగ్గర తేలుతుంది. పాఠ్యపుస్తకం ప్రకారం నాళికలు దెబ్బతిన్నాయి, ఇక సెలైన్‌తో ఒరిగేదేమీ లేదు.

ఈ రెండో తీర్పు దగ్గరే అండమాన్ వైద్యుడు ఆగాలి. నా ఉద్దేశంలో ఈ లెక్కను ఈ దీవుల్లో వాడుకునే నేర్పంతా ఆ ఆగడంలోనే ఉంది.

లెప్టోస్పైరా ముందుగా దెబ్బతీసేది నాళికల్లో సోడియాన్ని లాక్కునే మొదటి భాగాన్ని. అక్కడ సోడియాన్ని లోపలికి తీసుకునే ప్రోటీన్లు తగ్గిపోతాయి. పట్టుకోవాల్సిన ఉప్పు కిందికి జారి, దానితోపాటు నీళ్లూ పోతాయి. అలా జారిన సోడియం చివరి భాగాన్ని చేరాక, దానికి బదులుగా పొటాషియం మూత్రంలోకి వదులవుతుంది. అందుకే కిడ్నీ ఇంత దెబ్బతిన్నా ఈ జబ్బులో పొటాషియం పెరగకపోగా తగ్గడం, మూత్రం ఆగకపోగా పోతూనే ఉండడం చూస్తాం. బ్రెజిల్‌లోని సావో పాలో వైద్యులు దీన్ని బాగా పరిశోధించారు. మన రెండో రోగి ప్లాస్మా పొటాషియం 3.1 అనుకోండి, కథ సరిగ్గా సరిపోతుంది. ఇలాంటి మనిషి ఒంట్లో నీళ్లు ఎండిపోయి, రక్తపోటు 90కి దిగి ఉన్నా 4.7 శాతమే చూపిస్తాడు. ఎందుకంటే ఉప్పును పట్టుకోవాల్సిన పనిముట్టే పాడైంది. కాబట్టి ఆ అంకె నాళికల గురించి నిజం చెబుతోంది, ఒంట్లో నీటి గురించి మాత్రం ఏమీ చెప్పడం లేదు. దాన్ని చూసి సెలైన్ ఆపేస్తే, నాళికల దెబ్బకు తోడు ప్రసరణ లేని దెబ్బ కూడా పడుతుంది. అలాగని గుడ్డిగా సీసా మీద సీసా ఎక్కించడానికీ లేదు, ఈ జ్వరంలో రక్తం కారే ఊపిరితిత్తులు ఎక్కువ నీటిని ఓర్చుకోవు. నాలుక, మెడ నరం, కాళ్ల చల్లదనం, కూర్చోబెడితే పడిపోయే రక్తపోటు, ఇవన్నీ చూసి కొద్దికొద్దిగా ఇస్తూ ఊపిరి వింటూ పోవాలి.

అసలు ఒక శాతం అనే గీత కూడా ఎప్పుడూ ఒకేచోట ఉండదు. పైన చెప్పిన ఆరోగ్యవంతుడు 0.6 దగ్గర ఉన్నాడు, అతనికి ఏ జబ్బూ లేదు. అదే మనిషికి వడపోత పదో వంతుకు పడిపోయిందనుకోండి. రోజుకు వడగట్టేది 2,520 మిల్లీమోల్. అదే తిండి తిని అదే 150 మిల్లీమోల్ వదిలితే ఆరు శాతం అవుతుంది, నాళికలు ఏ తప్పూ చేయకపోయినా. పాత కిడ్నీ జబ్బు ఉన్నవారిలో ఈ లెక్క ఎక్కువ చూపడానికి కారణం ఇదే. ఎస్పినెల్ చూసినది మూత్రం బాగా తగ్గిపోయినవారిని కాబట్టి అక్కడ ఒక శాతం గీత పనిచేసింది. లీటరున్నర మూత్రం పోసేవాడికి దాన్ని అలాగే తెచ్చి తగిలిస్తే పొరబడతాం. రెండో వైపు నుంచి పొరబాటూ ఉంది: లెప్టోస్పైరోసిస్‌లో కండరాలు చితికి వాటి రంగుపదార్థం కిడ్నీకి చేరితే నాళికలు దెబ్బతిన్నా ఒక్కోసారి శాతం ఒకటి లోపే ఉంటుంది. పిక్కలు మరీ నొప్పిగా ఉన్నవాడిలో తక్కువ అంకె వచ్చిందని సంతోషించేముందు కండరాల ఎంజైమ్ సీపీకే చూడడం మంచిది.

ఇక శాంపిళ్ల సంగతి. దిగ్లీపూర్ నుంచి పోర్ట్ బ్లెయర్‌కు (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు. నికోబార్ నుంచైతే ఓడ గానీ హెలికాప్టర్ గానీ రావాలి. మూత్రం తగ్గిందని బయలుదేరేముందే ఒక లాసిక్స్ ఇంజెక్షన్ పొడిచి పంపితే ఈ లెక్క చెడినట్టే. సోడియాన్ని వదిలించడమే ఆ మందు పని, దాని ప్రభావం మామూలుగా కొన్ని గంటలు, కిడ్నీ దెబ్బతిన్నవారిలో ఇంకా ఎక్కువ. పెద్దాసుపత్రి చేరాక వచ్చిన ఐదు శాతం కిడ్నీదో మందుదో చెప్పలేం. లాసిక్స్‌కూ సెలైన్‌కూ ముందే ఒక సీసాలో మూత్రం, ఒక ట్యూబులో రక్తం తీసి, తీసిన సమయం రాసి రోగితోపాటే పంపడం వల్ల చాలా సందేహాలు తీరతాయి. గొట్టం ఉన్న రోగి అయితే సంచిలో పొద్దుటి నుంచి నిలవున్నది కాకుండా అప్పుడే దిగిన మూత్రం పట్టాలి.

ప్రయోగశాలలో జరిగే పొరబాటు ఇంకొకటి. మూత్రంలో క్రియాటినిన్ చాలా చిక్కగా ఉంటుంది కనుక దాన్ని పలుచన చేసి యంత్రానికిస్తారు, వచ్చిన అంకెను మళ్లీ హెచ్చించాలి. ఇరవై రెట్లు పలుచన చేసి, హెచ్చించడం మరిచారనుకోండి. రెండో రోగి 46 కాస్తా 2.3 అవుతుంది, శాతం 95కు లేస్తుంది. పట్టుకోవడం తేలికే: మూత్రంలో క్రియాటినిన్ రక్తంలోదాని కన్నా తక్కువ ఉండడం దాదాపు అసాధ్యం. అది కనబడితే రోగిని కాదు, కాగితాన్ని అనుమానించాలి. పచ్చకామెర్లు ముదిరినవారిలో ఇంకో చిక్కు, జాఫే పద్ధతిలో కొలిచే క్రియాటినిన్‌ను బిలిరుబిన్ తక్కువ చేసి చూపగలదు. ప్లాస్మా అంకె తగ్గితే మన శాతమూ తగ్గుతుంది.

లాసిక్స్ పడ్డవారికి సోడియం బదులు యూరియా పెట్టి ఇదే సూత్రం కట్టమంటారు, గీత 35 శాతం. మామూలు రోగుల్లో అది అక్కరకొస్తుంది. లెప్టోస్పైరోసిస్‌లో దాన్నీ పూర్తిగా నమ్మలేం, యూరియాను ఎక్కువగా వెనక్కి తీసుకునేది కూడా ఆ దెబ్బతిన్న మొదటి భాగమే. అలాంటప్పుడు మిగిలిన మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని సూక్ష్మదర్శిని కింద చూడడం మేలు. గోధుమరంగు మట్టి ముద్దల్లాంటి అచ్చులు బారులు తీరి కనబడితే నాళికలు రాలుతున్నాయని తెలుస్తుంది. అవేవీ లేకుండా, కొద్దిపాటి సెలైన్‌కే క్రియాటినిన్ ఒకటి రెండు రోజుల్లో దిగివస్తే, 4.7 చూపించిన మనిషికి కూడా నీళ్లే కరువై ఉన్నాయన్నమాట.