కల్లంలో ఎరుపు, తెరమీద ఎరుపు

గుంటూరు వైపు ఒక మిరప కల్లం ఫొటో. ఎండలో పరిచిన ఎండుమిరప, పక్కన మూతి విప్పిన గోనెసంచి, దాని వెనక చిక్కటి నీడ. కారం, పచ్చళ్లు అమ్మే ఒక చిన్న దుకాణం తన వెబ్‌సైటు రంగులన్నీ ఈ ఫొటోలోంచే రావాలని కోరింది. ఆ పని చేసిన డిజైనరమ్మాయి పాలెట్‌ను ఒకసారి చూసి చెప్పమని నాకు పంపింది. పైకి అయిదు రంగుల చతురస్రాలే. వాటిలో ఏది ఎక్కడ ఎందుకు కూర్చుందో వెతుకుతూపోతే సాయంత్రం దాకా ఫైలు మూయలేకపోయాను.

ఫొటోలోంచి రంగులు లాగే ఉపకరణాలకు కొదవలేదు. వాటిలో చాలావాటికి మూలం పాల్ హెక్‌బర్ట్ 1982లో ప్రచురించిన ‘మీడియన్ కట్’ పద్ధతి. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి కదా. వాటిని పొడవు, వెడల్పు, ఎత్తు అనుకుంటే ఫొటో మొత్తం ఒక పెట్టెలో చుక్కల గుంపవుతుంది. ఆ గుంపు ఏ వైపు ఎక్కువ సాగి ఉందో చూసి, చుక్కలు చెరిసగం అయ్యేచోట కోస్తారు. వచ్చిన ముక్కల్ని మళ్లీ అలాగే కోస్తారు. కావలసినన్ని గడులయ్యాక ఒక్కో గడిలోని చుక్కల సగటే ఒక్కో రంగు. ఎంతో తెలివైన పద్ధతి, కానీ దాని లెక్క విస్తీర్ణం లెక్క. ఫొటోలో ఎక్కువ చోటు ఆక్రమించినదానికే ఎక్కువ గడులు దక్కుతాయి. మిరపకాయ తొడిమల ఆకుపచ్చ ఫొటోలో పిసరంత. అందుకే యంత్రం ఇచ్చిన జాబితాలో అది లేనేలేదు. ఎరుపు వచ్చింది గానీ, ఎండ పడిన తోలు, నీడ పడిన తోలు కలిసిన సగటు అది. కల్లంలో ఏ కాయ మీదా లేని మట్టి ఎరుపు.

అందుకని ఆమె ఆ జాబితాను పక్కనపెట్టి రంగుల్ని చేత్తో ఏరుకుంది. ఒక్క పిక్సెల్‌ను నమ్మకుండా అయిదు పిక్సెళ్ల వెడల్పు, అయిదు పిక్సెళ్ల ఎత్తు ఉన్న చదరం సగటు తీసుకుంది. జేపెగ్ ఫొటో వెలుగునీడల్ని దాచినంత వివరంగా సాధారణంగా రంగును దాచదు. దాంతో కాయ అంచు ఎరుపు పక్కనున్న తొడిమలోకి కొంచెం కారుతుంది. అంచును వదిలి తొడిమ నడుమ నుంచి తీసుకుంటేనే అసలు ఆకుపచ్చ దొరుకుతుంది.

అలా తేలినవి ఇవి: సంచి మీద ఎండ పడిన చోటి పాలమీగడ రంగు #F4E9D8, సంచి మామూలు గోనె రంగు #B08A5B, వెనక నీడలోని ముదురు గోధుమ #2B1A14, తొడిమ ఆకుపచ్చ #5E6B2F, మిరప ఎరుపు #B3261E. ఫొటో పక్కన పెట్టి చూస్తే అయిదూ ఒకే మధ్యాహ్నానివి. అయితే వెబ్‌సైటులో రంగు ఒంటరిగా బతకదు. ఒకటి నేలగా పరుచుకుంటే ఇంకొకటి దానిమీద అక్షరమవుతుంది. కాబట్టి చూడవలసింది జంటల్ని. జంటను కొలవడానికి వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్ ఒక చిన్న సూత్రం ఇచ్చాయి:

```
(L1 + 0.05) / (L2 + 0.05)
```

ఇందులో L అంటే రంగు ఎంత వెలుగునిస్తుందన్న లెక్క. L1 జంటలో వెలుగు ఎక్కువున్నది, L2 తక్కువున్నది. ఈ వెలుగు లెక్కలో ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపు వాటా 0.2126, నీలం వాటా 0.0722. మన కంటికి ఏ కాంతి ఎంత వెలుగుగా తోస్తుందో దాన్నిబట్టి కట్టిన వాటాలివి. తెలుపు మీద నలుపుకు 21 వస్తుంది, అదే గరిష్ఠం. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 ఉండాలి. 24 పిక్సెళ్లూ ఆపైనున్న పెద్ద అక్షరాలకు 3 చాలు. 2018లో వచ్చిన 2.1 సంచిక బటన్, గడి అంచులాంటి వాటికీ ఆ 3 వర్తింపజేసింది.

పాలమీగడ నేల మీద నీడ గోధుమ అక్షరాలకు 13.9 వచ్చింది. చదివే పాఠమంతా దానికే అప్పగించింది. అచ్చమైన నలుపు వాడి ఉంటే అంకె ఇంకా పెరిగేది, ఫొటోతో చుట్టరికం మాత్రం తెగేది. తెలుగు సైటుకు ఈ ఎక్కువ అంకె ఆడంబరం కాదనే నా అభిప్రాయం. మన లిపిలో ఒత్తులు అక్షరం కింద ఇంకా చిన్నగా, సన్నగా వేలాడతాయి. ఫోను తెర మీద, ఎండలో, ముందుగా మాయమయ్యేవి అవే. 4.5 దగ్గర గట్టెక్కిన జంట లాటిన్ అక్షరాలకు సరిపోయినంత హాయిగా మన ‘క్ష్మి’కి సరిపోదు.

చిక్కు గోనె రంగుతో వచ్చింది. సంచి మీద సంచిలాగే ఉంటుంది కాబట్టి తూకం, తయారీ తేదీ లాంటి చిన్న వివరాలకు ఆ రంగే వాడాలని ఎవరికైనా అనిపిస్తుంది. పాలమీగడ మీద దాని అంకె 2.6. అక్షరానికీ చాలదు, చిరునామా నింపే గడి అంచుకూ చాలదు. ఇక్కడ చాలామంది ఆ రంగును తీసేసి ఏదో బూడిద రంగు తెచ్చిపెడతారు. ఆమె రెండు పనులు చేసింది. ఒకటి, అదే వన్నె ఉంచి వెలుగు మాత్రం తగ్గించి #7A5A34 చేసింది. రంగుల చక్రం మీద రెండూ దాదాపు 33 డిగ్రీల దగ్గరే నిలుస్తాయి. కొత్తదాని అంకె 5.2. సంచి ఎండలోంచి చెట్టునీడలోకి జరిగినట్టుంది తప్ప వేరే సంచి అనిపించదు. చిన్న వివరాలకూ, నింపే గడుల అంచులకూ ఇదే. రెండోది నాకు ఇంకా నచ్చింది. పాత గోనె రంగును పారెయ్యకుండా పేజీ అడుగున నీడ గోధుమ పట్టీ మీదికి దించింది. అక్కడ దాని అంకె 5.3. పాలమీగడ మీద చదవలేని రంగు నీడ మీద హాయిగా చదవొచ్చు. నేల మారితే పనికిరానిది పనికొచ్చింది. పైన కూడా దానికో చిన్న పని మిగిల్చింది, పేరాల మధ్య గీత. ఆ గీత కనబడకపోయినా ఎవరికీ ఏమీ నష్టం లేదు, కాబట్టి నియమం దానికి అంటదు.

ఇక ఎరుపు. కల్లం ఫొటోలో కన్ను మొదట వాలేది ఎండ పడి మెరిసే కాయల మీద. అక్కడి రంగు #E0432F. బటన్‌కు దాన్నే పెట్టాలని దుకాణంవాళ్లు ముచ్చటపడ్డారట. కాని ఆ ఎరుపు మీద పాలమీగడ అక్షరాలకు 3.5 మాత్రమే. ‘కొనండి’ అన్న 16 పిక్సెళ్ల మాటకు అది తక్కువ. ఆమె అదే కాయను ఇంకోవైపు నుంచి చూసింది. ఎండకు పెడమొహం పెట్టిన చెంప మీది ఎరుపు #B3261E. దానిమీద అదే పాలమీగడకు 5.4. ఎరుపు కాంతికి వెలుగులో వాటా తక్కువ కాబట్టి, ముదురుగా ఉంటూనే మనకది ఎర్రగానే తోస్తుంది. తెరమీద చూసినవాళ్లెవరూ ఇది మిరప కాదనరు. అయితే ఈ ఎరుపు అడుగు పట్టీ మీద పనిచెయ్యదు, అక్కడ 2.5కి పడిపోతుంది. కాబట్టి అడుగు పట్టీలోని గుర్తులకు మాత్రం ఎండ ఎరుపును తెచ్చింది. అక్కడ దానికి 4 దాకా వస్తుంది, గుర్తులకు 3 చాలు.

ఎరుపును ఎక్కడ పెట్టిందన్నదానికంటే ఎక్కడ పెట్టలేదన్నది గమనించాలి. శీర్షికలకు లేదు, మెనూకు లేదు, గీతలకు లేదు. పాలమీగడ నేల మీద నొక్కవలసిన బటన్‌కూ ధరకూ మాత్రమే ఉంది. ఫొటోలో ముప్పాతిక ఎరుపే అయినా పేజీలో అది అక్కడక్కడ పడే బొట్టు. విస్తీర్ణం లెక్కన యంత్రం ఎరుపుకు పెద్దపీట వేస్తే, చెయ్యవలసిన పని లెక్కన ఈమె దాన్ని తగ్గించింది.

తొడిమ ఆకుపచ్చ విషయంలో నేనొక అనుమానంతో వెళ్లాను. పాలమీగడ మీద దాని అంకె 4.8, లింకులకు సరిపోతుంది. కాని ఎరుపుకూ ఆకుపచ్చకూ మధ్య కొలిచి చూడండి: 1.13. రెండింటి వెలుగూ దాదాపు ఒకటే. పేజీని బూడిదరంగులోకి మార్చితే అవి కవలలైపోతాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని చూపున్నవాళ్లకు ‘సరుకు ఉంది’ ఆకుపచ్చలో, ‘అయిపోయింది’ ఎరుపులో రాస్తే రెండూ ఒకేలా అనిపించవచ్చు. ఫైలు చూస్తే ఆమె ఈ రెంటినీ ఎక్కడా ఎదురెదురుగా నిలబెట్టలేదు. ఆకుపచ్చ పాఠం మధ్యలోని లింకులకే, అదీ కింద గీతతో. సరుకు సంగతి మాటల్లోనే ఉంది. ఫారంలో తప్పు దొర్లితే వచ్చే హెచ్చరిక మరో చిక్కు. ఎక్కడైనా అది ఎర్రగా ఉంటుంది, ఇక్కడేమో కొనే బటన్ ఎరుపు. అందుకని హెచ్చరికను నీడ గోధుమ అక్షరాల్లో, ఎడమపక్క మందమైన పట్టీతో, ఆశ్చర్యార్థకం గుర్తుతో రాసింది. రంగు పోయినా హెచ్చరిక పోదు.

కోడ్‌లో పేర్లు కూడా ఈ ఆలోచననే పట్టుకున్నాయి:

```
:root {
  --surface: #F4E9D8;
  --text: #2B1A14;
  --text-muted: #7A5A34;
  --link: #5E6B2F;
  --accent: #B3261E;
  --accent-large: #E0432F;
}
```

మిరప, గోనె అని కాకుండా చేసే పనిని బట్టి పేర్లు పెట్టింది. రేపు దుకాణం పసుపుకొమ్ముల ఫొటోకు మారితే అంకెలు మారతాయి, పేర్లు అలాగే ఉంటాయి. చివరి పేరు చూడండి. ఎండ ఎరుపు పెద్ద అక్షరాలకే అన్న షరతును పేరులోనే కట్టేసింది. దాన్ని చిన్న అక్షరానికి పెట్టబోయే మనిషికి ఆ మాట అడ్డు తగులుతుంది.

ఒక్కచోట ఆ షరతు జారిపోతుందేమో అని వెతికాను. సరుకు పేజీలో ధర 28 పిక్సెళ్లలో, ఎండ ఎరుపులో ఉంది. పాలమీగడ మీద 3.5, పెద్ద అక్షరం కాబట్టి సరే. ఫోన్‌లో ఆ ధర 20 పిక్సెళ్లకు తగ్గుతుంది. అక్షరం మందమూ మామూలే, కాబట్టి అది ఇక పెద్ద అక్షరం కిందికి రాదు, 4.5 కావాలి. ఫోన్ల కోసం రాసిన భాగం తెరిచి చూశాను. అక్షరం సైజు తగ్గించిన వరుస కిందే ఇంకో వరుస ఉంది. అందులో ధర రంగు `--accent`కు మారిపోయింది.