నాలుగు వాక్యాల పనితనం

ఓక్‌విల్ నుంచి రోజూ లేక్‌షోర్ వెస్ట్ గో రైల్లో టొరంటో యూనియన్ స్టేషన్‌కి వెళ్లి పనిచేసే మన తెలుగావిడ ఒకరు ఓ కంపెనీ జీతాల విభాగంలో సీనియర్. నవంబరు చివర్లో ఆవిడ పుట్టినరోజు. పోయినేడాది అదే విభాగంలో చేరిన కుర్రాడొకడు వాట్సాప్‌లో పంపిన శుభాకాంక్షలను ఆవిడ నాకు చూపించారు. ఇద్దరి అనుమతితో ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

“అక్కా, పుట్టినరోజు శుభాకాంక్షలు. ఫిబ్రవరిలో టీ4ల లెక్క కుదరక నేను తల పట్టుకుని కూర్చుంటే, మీరు తప్పు వెతికి పెట్టకుండా, ‘ఏ నెల నుంచి తేడా మొదలైందో చూడు’ అన్నారు. ఇప్పుడు ఏ లెక్క తేడా వచ్చినా ముందు నెల వెతుకుతున్నాను. ఇవాళైనా మీరు పొద్దుండగా ఓక్‌విల్‌లో రైలు దిగాలి.”

ఆ రోజు ఆవిడకి వచ్చిన మిగతా మెసేజ్‌లు కూడా చూశాను. కొన్నిటి మీద Forwarded అన్న గుర్తు ఉంది. గుర్తు లేనివాటిలోనూ, మాటలూ పూల బొమ్మలూ ఒకే వరసలో ఉండి, ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే చోట ఒకే అచ్చుతప్పుతో పంపినవి ఉన్నాయి. అంటే ఇద్దరూ ఒకే చోట నుంచి తెచ్చి అతికించారు. వాటిలో ఆయురారోగ్యాలున్నాయి, అష్టైశ్వర్యాలున్నాయి, ఆవిడ మాత్రం ఎక్కడా లేరు.

కుర్రాడి మెసేజ్‌లో మొదటి వాక్యం అందరూ రాసేదే. దాన్ని కొత్తగా చెప్పాలని అతను తంటాలు పడకపోవడం నాకు నచ్చింది. ఎప్పటినుంచో వాడుకలో ఉన్న మాట పలకరింపుకి చక్కగా సరిపోతుంది. చిక్కల్లా దాని తర్వాత కూడా అలాంటి మాటలే పేర్చుకుంటూ పోతే వస్తుంది. ‘అక్కా’ అంటూనే ‘మీరు’ అనడం కూడా ఆఫీసులో వాళ్లిద్దరూ మాట్లాడుకునే తీరే. మామూలుగా అక్కా అని పిలిచే మనిషిని పుట్టినరోజున మాత్రం ‘గౌరవనీయులైన’ అంటే, ఆ మాట ఎక్కణ్నుంచో తెచ్చినట్టు వెంటనే తెలిసిపోతుంది.

అసలు పనితనం రెండో వాక్యంలో ఉంది. కెనడాలో కంపెనీలు ఉద్యోగులకు టీ4 స్లిప్పుల్ని ఫిబ్రవరి ఆఖరు రోజుకల్లా ఇవ్వాలి. ఏడాదంతా జీతాల్లోంచి మినహాయించి ప్రభుత్వానికి కట్టిన మొత్తమూ, ఆ స్లిప్పుల్లో చూపించిన మొత్తమూ సరిపోవాలి. సరిపోకపోతే పన్నెండు నెలల లెక్కలూ తిరగేయాల్సిందే. అలాంటి సమయంలో ఆవిడ తప్పు తనే పట్టేసి ఇచ్చి ఉంటే పని ఇంకా త్వరగా తెమిలేది. అయినా ఆగి, దారి చూపించారు. ఆ గుణాన్ని ఆ వాక్యం పొగడ్త మాట ఒక్కటీ లేకుండా పట్టుకుంది.

అతను మొదట రాసుకున్నది ఇలా లేదట. ‘మీరు నాకెంతో సహాయం చేశారు, మీలాంటి మంచి మనసున్నవారు అరుదు’ అని రాసి చెరిపేశానని చెప్పాడు. సహాయం అనే చోట ఆవిడ చేసిన పనిని పెట్టాడు. మంచి మనసు అనే చోట ఆవిడ అన్న మాటనే పెట్టాడు. దాంతో మూడో వాక్యానికి బలం వచ్చింది. ఆవిడ మాట ఫిబ్రవరితో అయిపోలేదనీ, అతని చేతిలో ఇంకా పనిచేస్తోందనీ తెలుస్తోంది. ‘ఎప్పటికీ మరువలేను’ అని రాసి ఉంటే నమ్మడానికి ఆధారం ఉండేది కాదు.

నాలుగో వాక్యం విలువ టొరంటో చుట్టుపక్కల ఉండే వాళ్లకే బాగా తెలుస్తుంది. నవంబరు చివర్లో ఐదు కొట్టకముందే పొద్దు గూకుతుంది. పొద్దుండగా ఓక్‌విల్‌లో దిగాలంటే ఆఫీసు నుంచి చాలా ముందే లేవాలి. ఆవిడేమో చీకటి పడ్డాక గానీ కదలరు. నూరేళ్లు బతకమని దీవించడానికి తను చిన్నవాడు. అందుకని, ఆవిడ తలుచుకుంటే ఆ రోజే జరిగేదాన్ని కోరుకున్నాడు.

ఇదే అతను ఆఫీసు మొత్తం సంతకాలు పెట్టే కార్డు మీద రాయలేదు. అక్కడ లెక్క కుదరలేదన్న ముచ్చట పై అధికారి కంట పడితే అది విభాగం పొరపాటుగా మారుతుంది, ఆవిడకీ ఇబ్బంది. కార్డు మీద ‘లెక్క చూడటం నేర్పినందుకు థాంక్స్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. సొంత మెసేజ్‌లో కూడా ఎవరి జీతమో, ఎంత తేడా వచ్చిందో ఎత్తలేదు. జీతాల విభాగంలో పనిచేసేవాడు పాటించాల్సిన జాగ్రత్త అది. అంత దగ్గరగా తెలియని సహోద్యోగికి రాసేటప్పుడైతే రెండో వాక్యం ఇంకా చిన్నది కావాలి. మీటింగులో ఆయన అడిగిన ఒక ప్రశ్న చాలు. లేని చనువు అరువు తెచ్చుకుంటే అది కూడా అతికించినట్టే ఉంటుంది.

మిగతా మెసేజ్‌లన్నిటికీ ఆవిడ చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఈ కుర్రాడికి మాత్రం, తను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆ పద్ధతి తనకెవరు నేర్పారో చెబుతూ రెండు పేరాలు రాశారు.