ముక్కుకి కళ్లెం

మా వీధి స్టూడియో కుర్రాడి పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. ఏఐ బొమ్మ కోసం సెల్ఫీ ఇస్తే నేరుగా ఎక్కించడు. ఎందుకంటే సెల్ఫీలో ఫోన్ ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, చెవులు ఇంకో 12 సెంటీమీటర్లు వెనకుంటాయి. అందుకే చెవులతో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదై కూర్చుంటుంది. అదే 150 సెంటీమీటర్ల నుంచి తీస్తే తేడా 8 శాతమే. లెన్స్ కరెక్షన్ వంగిన గోడల్ని నిలబెడుతుంది కానీ ఈ ముక్కుని ముట్టుకోదు. కుర్రాడు లిక్విఫైలో ముక్కుని కాస్త కుదించి, బుగ్గల అంచుల్నీ చెవుల్నీ రవ్వంత బయటికి లాగి, దూరం నుంచి తీసిన పాత ఫొటో పక్కన పెట్టి చూస్తాడు. ఆ తర్వాతే బొమ్మలో మన మొహం మనలా వస్తుంది. చెవులు అసలే కనపడని సెల్ఫీ ఇస్తే మాత్రం, ‘‘అన్నా, ఐదడుగులు వెనక్కెళ్లి నిలబడు, ఇంకోటి తీస్తా’’ అంటాడు.