గట్టు తెలిసిన మినహాయింపు

ఆరోగ్య బీమా పత్రంలో మినహాయింపుల పేజీని ఇష్టపడి చదివేవాళ్లు తక్కువ. క్యాన్సర్ తగ్గినవాళ్లకు, గుండె ఆపరేషన్ అయినవాళ్లకు మాత్రం పత్రమంతటిలో ముఖ్యమైన పేజీ అదే. ఆ పేజీకి ఇప్పుడున్న రూపం చాలావరకు 2019 సెప్టెంబర్ 27న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాల నుంచి వచ్చింది. అందులోని పనితనం మెచ్చుకోదగ్గది.

అంతకుముందు ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా మినహాయింపు రాసుకునేది. 'పాత జబ్బు, దానికి సంబంధించినవి' అని ఎక్కడైనా ఉంటే, ఏది సంబంధించినదో ఆసుపత్రిలో చేరాక కంపెనీయే తేల్చేది. 2019 నాటి మూస రెండు పనులు చేసింది. శాశ్వతంగా మినహాయించడానికి వీలున్న జబ్బులకు ఒక జాబితా ఇచ్చింది. క్యాన్సర్, మూర్ఛ, పక్షవాతం, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, గుండె కవాటాల జబ్బులు అందులో ఉన్నాయి. ప్రతి జబ్బు పక్కనా అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణలోని కోడ్ రాసింది. పొలానికి గట్టు వేసినట్టు మినహాయింపుకు హద్దు పడింది. గట్టుకు ఇవతలున్న జబ్బులన్నిటికీ బీమా వర్తిస్తుంది. పైగా ఇది అందరి మీదా రుద్దే షరతు కాదు. కంపెనీ తన నిబంధనల ప్రకారం అసలు పాలసీయే ఇవ్వలేనప్పుడు, దరఖాస్తుదారు సమ్మతి తీసుకుని ఆ ఒక్క జబ్బును పక్కనపెట్టి మిగతావాటికి పాలసీ ఇవ్వడానికి తెరిచిన దారి ఇది.

ఈ పనితనం ఎలా పనిచేస్తుందో ఒక ఊహా కుటుంబం మీద పెట్టి చూద్దాం. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న పర్ణశాలలో గుడి దారిలో బొమ్మల దుకాణం నడిపే 46 ఏళ్ల ఆమె ఉందనుకుందాం. 2021లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు జబ్బు లేదు కానీ రోజూ హార్మోన్ మాత్ర వేసుకుంటుంది. ఏడాదికోసారి హైదరాబాద్ వెళ్లి పరీక్షలు చేయించుకుంటుంది.

'ఐదేళ్లు దాటాయి, తగ్గిపోయింది' అని ఆమె అనుకోవచ్చు. బీమా లెక్క వేరు. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో నిర్ధారణ అయిన జబ్బే కాదు, ఆ కాలంలో చికిత్సో వైద్య సలహానో పొందిన జబ్బు కూడా 'ముందే ఉన్న వ్యాధి' కిందికి వస్తుంది. ఆపరేషన్ ఎంత పాతదైనా, రోజూ వేసుకునే ఆ మాత్ర జబ్బును లెక్కలోనే ఉంచుతుంది. అది మానేశాక కూడా ప్రపోజల్ ఫారం అడిగిన చోట పాత చరిత్ర రాయాల్సిందే. ఆపరేషన్ నాటి బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, చివరి పరీక్షల ఫలితాలు జతచేస్తే అండర్‌రైటర్ చేతికి ఊహకు బదులు ఆధారం అందుతుంది.

అక్కడి నుంచి నాలుగు రకాల జవాబులు రావచ్చు. ఒకటి, నిరాకరణ. అలాగైతే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. రెండు, మాత్రలు పూర్తయ్యాక మళ్లీ రమ్మనడం. మూడు, లోడింగ్, అంటే మామూలు ప్రీమియం మీద అదనపు మొత్తం వేసి పాలసీ ఇవ్వడం. ఇందులో పాత జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024 నిబంధనల ప్రకారం అది 36 నెలలకు మించకూడదు. నాలుగు, శాశ్వత మినహాయింపు. లోడింగ్ వేసినా, శాశ్వతంగా మినహాయించినా పాలసీ జారీకి ముందే ఆమె సమ్మతి తీసుకోవాలి. గుండెకు స్టెంటో బైపాసో అయినవాళ్లకైతే ఇంకో దారి కూడా ఉంది. వాళ్ల కోసమే తయారుచేసిన పాలసీలు ఉన్నాయి. స్టార్ హెల్త్ వారి కార్డియాక్ కేర్ అలాంటిదే.

మూడో జవాబును, నాలుగో జవాబును పక్కపక్కన పెడదాం. అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. మామూలు ప్రీమియం ఏడాదికి 20,000 రూపాయలు, లోడింగ్ సగం అనుకుందాం. లోడింగ్ ఒప్పుకుంటే ఏటా 30,000 కట్టాలి. మూడేళ్లలో అదనంగా 30,000 కట్టాక క్యాన్సర్‌కు కూడా రక్షణ మొదలవుతుంది. శాశ్వత మినహాయింపును లోడింగ్ లేకుండా ఇస్తే 20,000 చాలు. కానీ క్యాన్సర్ ఎప్పటికీ బయటే. గుండెపోటు, పిత్తాశయంలో రాళ్లు, డెంగీ, రోడ్డు ప్రమాదం వంటివి సాధారణ షరతులకు లోబడి లోపల ఉంటాయి.

రెండోది చవకగా కనిపిస్తుంది. పర్ణశాలలో అది నిజంగా సరిపోవడానికి కారణం బీమా కంపెనీలో లేదు, ఇంట్లోని ఆహార భద్రత కార్డులో ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పాత జబ్బా కొత్త జబ్బా అని అడగదు. వెయిటింగ్ పీరియడ్ లేదు, లోడింగ్ లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి ఉంది. క్యాన్సర్ తిరగబెడితే ఆరోగ్యశ్రీ, మిగతా జబ్బులకు ప్రైవేటు పాలసీ. పాలసీ వదిలేసిన జాగా సరిగ్గా ఆరోగ్యశ్రీ ఉన్న జాగాయే.

అయితే ఈ అమరికలో బలహీనమైన చోటు ఒకటుంది. మినహాయింపు శాశ్వతం, కార్డు కాదు. కొడుక్కి మంచి జీతమున్న ప్రైవేటు ఉద్యోగం వచ్చి కార్డు పోతే క్యాన్సర్ ఒక్కటీ రక్షణ లేకుండా మిగులుతుంది. ఆ కొడుకు సారపాక కాగితం మిల్లులోనో హైదరాబాద్ ఐటీ కంపెనీలోనో చేరాడనుకుందాం. అక్కడి గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చే వీలుంటే, ముందు చూడాల్సింది దాన్నే. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తించే గ్రూప్ పాలసీలు చాలా ఉన్నాయి. ఉద్యోగం మానేటప్పుడు అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారడానికి దరఖాస్తు పెట్టుకుంటే, గడిచిన కాలం వెయిటింగ్ పీరియడ్‌లో జమ అవుతుంది. గ్రూప్‌లో ఉన్న ఏళ్లు వృథా పోవు. ఇలాంటి ఆసరా లేక, కార్డు నిలుస్తుందో లేదో అనుమానంగా ఉన్న ఇంటికి ఏటా 10,000 ఎక్కువైనా లోడింగే మేలు.

శాశ్వత మినహాయింపుకు సంతకం పెట్టేముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. రొమ్ము క్యాన్సర్ కోడ్ C50. మినహాయించేది ఆ ఒక్కటేనా, లేక క్యాన్సర్ కోడ్‌లన్నీనా? అన్నీ రాసి ఉంటే రేపు పెద్దపేగులో కొత్తగా వచ్చే క్యాన్సర్ కూడా గట్టు అవతలే పడుతుంది. రెండోది మరీ సూక్ష్మం. కొన్ని కీమో మందులు ఏళ్ల తర్వాత గుండె కండరాన్ని బలహీనపరుస్తాయి. గుండె వైఫల్యానికి కోడ్ వేరు, అయినా కంపెనీ దాన్ని క్యాన్సర్ చికిత్స పర్యవసానమని వాదించవచ్చు. ఈ రెంటికీ జవాబు ఏజెంటు నోటిమాటగా కాకుండా కంపెనీ ఈమెయిల్లో ఉండాలి. పాలసీ చేతికొచ్చాక రాసినది నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

'అసలు చెప్పకుండా తీసుకుంటే?' అని అడిగేవాళ్లూ ఉంటారు. పాలసీ 60 నెలలు ఆగకుండా నడిచాక, మోసం రుజువైతే తప్ప, చెప్పలేదన్న కారణంతో కంపెనీ క్లెయిము తిరస్కరించలేదు. కానీ తెలిసి క్యాన్సర్ దాచడాన్ని మోసమని నిరూపించడం కష్టమేమీ కాదు. పైగా ఆ ఐదేళ్లలో డెంగీతో చేరినా పాత రిపోర్టు బయటపడితే పాలసీయే రద్దు కావచ్చు. దాచినవాళ్లకు అన్ని జబ్బుల రక్షణా అనుమానమే. చెప్పి మినహాయింపు తీసుకున్నవాళ్లకు పోయేది ఆ ఒక్క జబ్బు రక్షణే, అదీ ఏ కోడ్ దగ్గర ఆగుతుందో ముందే తెలిసి.