కాయ పండని ఆట: ఒక అముద్రిత కవితలో లూడో, అష్టాచెమ్మా

ఈ వ్యాసానికి ఆధారం ‘చివరి పందెం’ అనే అముద్రిత వచన కవిత. కవి కొండాపూర్‌లో నివసిస్తూ రాయదుర్గం ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న యువకుడు. అతని కోరిక మేరకు పేరు ఇవ్వడం లేదు. కవితలో ఆడిన నలుగురిలో ఈ వ్యాసకర్త ఒకరు. అతని మేనత్త కూతురిని, వయసులో పెద్దదాన్ని కనుక కవితలో ‘వదిన’గా కనిపిస్తాను. వస్తువుతో ఇంత దగ్గర సంబంధం ఉన్నవారు విమర్శకు పూనుకోవడం సరికాదనే అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఇందులో ఒక పాదాన్ని కవి తప్పుగా భావించి మార్చబోతున్నాడు. అది మార్చకూడదన్నది నా వాదన. ఆ ఆట ఎలా జరిగిందో తెలిసినవారు తప్ప ఆ పాదం ఎందుకు తప్పో, ఆ తప్పు ఎందుకు విలువైనదో చెప్పలేరు.

కవిత రెండు భాగాలు. మొదటిది 2013 వేసవిలో నల్లగొండ జిల్లాలోని ఒక గ్రామం. సాయంత్రం కరెంటు పోతుంది. నానమ్మ లాంతరు వెలిగించి అరుగు మీద పెడుతుంది. కథకుడు, అతని తమ్ముడు, బావ, వదిన లూడో అట్ట పరుస్తారు. రెండో భాగం చాలా చిన్నది. కొండాపూర్‌లోని ఒక అపార్ట్‌మెంటు పదకొండో అంతస్తులో కరెంటు పోతుంది, జనరేటర్ అందుకునేలోపు కథకుడు అంకెలు లెక్కపెడతాడు. అంతే కవిత.

మొదట గమనించవలసింది బంధుత్వ పదాలు. రెండో భాగంలో ‘కజిన్స్’ అనే మాట ఒకసారి వస్తుంది. మొదటి భాగంలో అది ఎక్కడా లేదు. అక్కడ ఉన్నవారు బావ, వదిన, తమ్ముడు. తెలుగులో ఈ అందరినీ ఒకే గాటన కట్టే మాట లేదు. పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. ఒకరితో వరుస గౌరవం, మరొకరితో వరుస పరిహాసం. కవిత ఈ తేడాను వివరించదు, ఆటలో చూపుతుంది. బావ కాయను చంపినప్పుడు కథకుడు ఏడవడు, తిడతాడు. పక్కనున్న నానమ్మ నవ్వుతుంది. అదే వదిన చంపబోయినప్పుడు చేయి ఆగుతుంది, ‘చిన్నోడు కదా’ అన్న మాట వస్తుంది. ఎవరు ఎవరి కాయను చంపవచ్చు, ఎవరి కాయ దగ్గర ఆగాలి అన్నది అట్ట మీద రాసిన నియమం కాదు, వరుస పెట్టిన నియమం. నగరంలో ‘కజిన్స్’ అనే ఒక్క మాట కింద చేరినప్పుడు ఈ నలుగురూ సమానులవుతారు, ఎవరికి ఎవరూ ఏమీ కారు. కవి దీన్ని ఫిర్యాదుగా చెప్పకపోవడం కవితకు మేలు చేసింది.

ఇక వెలుతురు. లాంతరు పసుపు వెలుగులో అట్ట మీది పసుపు గడికీ తెల్ల గడికీ తేడా చెరిగిపోతుంది. నీలం, ఆకుపచ్చ రెండూ నల్లబడి ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి. లాంతరు దగ్గర లూడో ఆడినవారికి ఈ ఇబ్బంది, దానివల్ల వచ్చే తగాదాలు తెలిసినవే. కథకుడివి పసుపు కాయలు. తన కాయ ఎక్కడుందో తనకే కనబడలేదని చెప్పే పాదం అలంకారం కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన మాట. వర్ణనలో అతిశయం లేనందువల్లే తరువాత వచ్చే తప్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ తప్పు ఇది. కవిత నడుమ కథకుడి రెండో కాయ గమ్యానికి వెళ్ళే చివరి వరుసలోకి ప్రవేశిస్తుంది. అక్కడ బావ ఎర్రకాయ వచ్చి దాన్ని చంపుతుంది. లూడోలో ఇది జరగదు. అట్ట చుట్టూ ఉన్న 52 గడులు అందరివీ. కానీ కేంద్రానికి వెళ్ళే ఐదు రంగు గడులు ఆ రంగు ఆటగాడివి మాత్రమే. వాటిలో మరో రంగు కాయ అడుగుపెట్టలేదు. పసుపు కాయ పసుపు వరుసలోకి మళ్ళిన క్షణం నుంచి దానికి చావు లేదు. ఈ సంగతి చెప్పినప్పుడు కవి వెంటనే ఒప్పుకున్నాడు. చంపే సంఘటనను బయటి గడులలోకి మారుస్తానన్నాడు.

అయితే ఈ సంఘటన జరగగల ఆట ఒకటి ఉంది. అది అష్టాచెమ్మా. ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గడులు. కాయ వెలుపలి 16 గడులు ఒక దిశలో తిరిగి, లోపలి 8 గడులు ఎదురు దిశలో తిరిగి, నడిమి గడికి చేరుతుంది. లోపలి గడులు ఎవరి సొంతమూ కావు. పైగా ఎదుటివారి కాయను ఒకదాన్నైనా చంపనిదే లోపలికి పోనివ్వని పద్ధతి చాలా ఊళ్ళలో ఉంది. అందువల్ల గమ్యానికి రెండడుగుల దూరంలో ఉన్న కాయ కూడా చావవచ్చు. అష్టాచెమ్మా ఆడినవారికి అన్నిటికన్నా బాధ కలిగించే చావు అదే. అదే అరుగు మీద సుద్దముక్కతో గీసిన గడులలో, గవ్వలతో, అమ్మమ్మ మాకు ఆ ఆట నేర్పింది. కవికి ఆమె నానమ్మ. కవితలో ఆమె లాంతరు పెట్టి పక్కన కూర్చుంటుంది కానీ ఆడదు; కవిత ఆమె చేతికి గవ్వలు ఇవ్వలేదు. ఆమె ఆట మాత్రం ఆమెను దాటుకొని, తెలియకుండా, లూడో అట్ట మీదికి వచ్చింది.

దీన్ని జ్ఞాపక దోషమని కొట్టివేయలేకపోవడానికి మరో కారణం ఉంది. లూడో పుట్టుక కూడా ఇలాంటిదే. పచ్చీసు ఆటలోని గవ్వలను తీసివేసి, ఆరు ముఖాల పాచికను పెట్టి, 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఆట అది. పాచిక వచ్చాక గవ్వల ఆట మరుగున పడింది. కవి జ్ఞాపకంలో అది తిరిగి పైకి వచ్చింది.

పదజాలం దీన్ని బలపరుస్తుంది. ఆట లూడోయే అయినా కవితలోని పిల్లలు ‘హోమ్’ అనరు, కాయ ‘పండింది’ అంటారు. ఇది అష్టాచెమ్మా మాట. కేంద్రానికి చేరిన కాయ పండు అవుతుంది. తెలంగాణ వ్యవహారంలో ‘పండుకొను’ అంటే నిద్రపోవడం కూడా. కవిత మొదటి భాగం చివర ఈ రెండు అర్థాలూ పక్కపక్కన నిలుస్తాయి: కథకుడి చివరి కాయ పండలేదు, తమ్ముడు పండుకున్నాడు. దీన్ని శ్లేష అనవచ్చునా? కవి శ్లేష కోసం ప్రయత్నించినట్లు కనిపించదు. పిల్లలు నిజంగా మాట్లాడిన మాటలే అవి. ప్రామాణిక భాష కోసం ‘పడుకున్నాడు’ అని దిద్దితే ఈ పాదం చచ్చిపోతుంది. సంపాదకులెవరైనా ఆ పని చేస్తారేమోనని నా భయం.

చివరి కాయ ఎందుకు పండలేదో కూడా చూడాలి. అది గమ్యానికి ఒక్క అడుగు దూరంలో ఉంది. లూడోలో కచ్చితమైన అంకె పడితేనే కాయ లోపలికి పోతుంది. ఇక్కడ కావలసింది ఒకటి. కవితలో తొమ్మిది సార్లు పాచిక వేసినా ఒకటి పడదు. ఇది కవి పెంచి చెప్పిన సంఖ్య అని మొదట అనుకున్నాను. లెక్క వేస్తే ఒక్కో సారి ఒకటి పడకపోయే అవకాశం ఆరింట ఐదు వంతులు. తొమ్మిది సార్లు వరుసగా పడకపోయే అవకాశం దాదాపు నూటికి 19. అంటే ఇలాంటి ఐదు ఆటల్లో సుమారు ఒకదానిలో ఇది జరుగుతుంది. అదే నాలుగు గవ్వలైతే, వెల్లకిలా బోర్లా పడే అవకాశాలు సమానమనుకుంటే, ఒకటి పడే అవకాశం నాలుగింట ఒక వంతు. తొమ్మిది సార్లు తప్పడం నూటికి ఏడెనిమిదికి మించదు. కనుక చావు అష్టాచెమ్మాదైనా, ఎదురుచూపు లూడోదే. రెండు ఆటలూ ఒకే సాయంత్రంలో కలిశాయి. పదో పందెం వేయకముందే కరెంటు వస్తుంది. పిల్లలు కేకలు వేస్తూ టీవీ దగ్గరికి పరుగెత్తుతారు, అట్ట తిరగబడుతుంది. ఓడించింది ఆటగాడు కాదు, కరెంటు.

ఇక్కడే కవితతో నాకు నిజమైన తగాదా. ఆట మధ్యలో ఒక పాదం ఉంది: నాన్న టార్చి తీసుకొని బావి వైపు వెళ్ళాడు. ఆ తరువాత నాన్న ప్రస్తావన లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆ రోజుల్లో వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు ఏడు గంటలు, అదీ విడతలుగా, ఒక విడత రాత్రిపూట వచ్చేది. ఆ వేళకు మోటారు దగ్గర మనిషి ఉండాలి. చీకటిలో గట్ల మీద నడక, తడి చేతులతో స్టార్టరు, పాము, షాకు. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా 2018 జనవరి 1న మొదలైంది. కనుక పిల్లలకు ‘చివరి’ చీకటి ముగిసిన తరువాత కూడా, ఆ తండ్రికి రాత్రి నడక ఏళ్ళపాటు మిగిలే ఉంది. లాంతరు చుట్టూ ఉన్న చీకటి, గట్టు మీది చీకటి ఒకటి కావు. మొదటిదాన్ని కవిత ముప్పై పాదాల దాకా అనుభవించింది, రెండోదాన్ని ఒక పాదంలో దాటేసింది. కరెంటు వచ్చిన రాత్రి మేమెవరమూ మామయ్య తిరిగి వచ్చాడా అని అడగలేదు. కవితా అడగలేదు. పిల్లల దృష్టికోణానికి కట్టుబడడం శిల్పపరంగా సమర్థనీయమే అని అనవచ్చు. కానీ రెండో భాగంలో మాట్లాడేది పిల్లవాడు కాదు, పెరిగిన మనిషి. అక్కడైనా ఆ టార్చి గుర్తుకు రావలసింది. వ్యామోహం కవితను పట్టిన చోటు ఇదొక్కటే.

‘చివరి’ అన్న మాటనూ పరీక్షించాలి. మరుసటి సంక్రాంతికి మేము నలుగురం అదే అట్ట మీద, ట్యూబులైటు కింద, మళ్ళీ ఆడాం. ఆ ఆటలో ఎవరు గెలిచారో మా ఎవరికీ గుర్తులేదు. కవికి ఆ ఆట జరిగిందన్న సంగతే గుర్తులేదు. కనుక ‘చివరి పందెం’ కాలక్రమంలో చివరిది కాదు. ముగియకుండా మిగిలిన పందెం. ఆ అర్థంలో శీర్షిక సరైనదే.

రెండో భాగంలో కథకుడు లిఫ్టు ఆగిన చప్పుడు వింటాడు, కింద గచ్చిబౌలి వైపు ఆఫీసుల అద్దాలు యథాప్రకారం వెలుగుతుంటాయి, తన గది మాత్రమే చీకటి. ఒకటి నుంచి లెక్కపెడతాడు. పదమూడేళ్ళ కిందట కావలసిన ‘ఒకటి’ ఇక్కడ మొదటే, అడగకుండానే వస్తుంది. దానితో చేయగలిగింది ఏమీ లేదు. లెక్క ఆరు దాటుతుంది. పాచికకు ఆరుకు మించి ముఖాలు లేవు. ఎనిమిది దగ్గర జనరేటర్ అందుకొని దీపాలు వస్తాయి, కవిత ఆగుతుంది. నాలుగు గవ్వలూ బోర్లా పడితే వచ్చే పందెం ఎనిమిది, అష్ట. ఇది కావాలని చేశావా అని అడిగితే, మా బిల్డింగు జనరేటరుకు అంతే సమయం పడుతుంది వదినా, అన్నాడు.